గల్లాపెట్టె ముందు ఆరంకెలు: అమెరికా అంగళ్ళలో ఓటీపీ చరిత్ర

హైదరాబాదులో తీసుకున్న క్రెడిట్ కార్డుతో, న్యూజెర్సీలో కూర్చుని ఒక అమెరికన్ వెబ్‌సైటులో చెప్పులు కొంటే, చాలాసార్లు కార్డు నంబరు, గడువు తేదీ, వెనకవైపు ఉన్న మూడంకెలు ఇవ్వగానే పని పూర్తయిపోతుంది. అదే కార్డుతో, అదే కుర్చీలో కూర్చుని, విజయవాడలో ఉన్న తల్లికి ఒక భారతీయ వెబ్‌సైటు ద్వారా చీర పంపబోతే, తెర మీద ఆరు ఖాళీ గళ్ళు ప్రత్యక్షమవుతాయి. ఆ గళ్ళలో నింపవలసిన అంకెలు ఏ ఫోనుకు వెళ్ళాయి, ఆ ఫోనులోని సిమ్ము అమెరికాలో సందేశాలు అందుకుంటున్నదా లేదా అన్నదాని మీద ఆ చీర ప్రయాణం ఆధారపడుతుంది. కార్డు ఒకటే, మనిషీ ఒకరే. తేడా సాంకేతికతలో ఉందనుకోవడానికి వీల్లేదు. ఆ ఆరు గళ్ళను కొనుగోలు మధ్యలోకి తెచ్చిన ప్రమాణం రూపుదిద్దుకున్నది కాలిఫోర్నియాలోనే. కార్డు మోసం జరిగినప్పుడు ఆ నష్టం ఎవరి ఖాతాలో పడాలన్న ప్రశ్నకు రెండు దేశాలు వేరువేరు జవాబులు ఇచ్చాయి. తేడా అక్కడ మొదలయింది.

యాభై డాలర్ల గీత

1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణంలో సుమారు అరవై వేల క్రెడిట్ కార్డులను, ఎవరూ అడగకుండానే, తపాలాలో ఇళ్ళకు పంపింది. మిగతా బ్యాంకులూ అదే దారి పట్టాయి. తరువాతి పదేళ్ళలో అడగని కార్డులు తపాలా పెట్టెల్లోంచి మాయమవడం, వాటి మీద ఎవరో చేసిన ఖర్చుకు పేరుగల మనిషికి బిల్లు రావడం మామూలయింది. ఈ గొడవకు జవాబుగా 1970లో అమెరికన్ కాంగ్రెసు రెండు పనులు చేసింది. అడగనివారికి కార్డులు పంపడాన్ని నిషేధించింది. అనుమతి లేకుండా ఎవరైనా కార్డు వాడితే కార్డుదారు భరించవలసిన నష్టం యాభై డాలర్లకు మించరాదని గీత గీసింది. 1974లో వచ్చిన మరో చట్టం, బిల్లులో తప్పు ఉన్నదని ఫిర్యాదు చేసే హక్కును, అందుకు పద్ధతిని నిర్దేశించింది. డెబిట్ కార్డులకు 1978లో వేరే చట్టం వచ్చింది. అందులో రక్షణ కొంత తక్కువ, ఎంత త్వరగా ఫిర్యాదు చేశారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

ఆ యాభై డాలర్ల అంకె ఇప్పటికీ మారలేదు. ద్రవ్యోల్బణాన్ని లెక్కలోకి తీసుకుంటే అది ఏటేటా కుంచించుకుపోతున్న గీత. పైగా పెద్ద కార్డు సంస్థలు తమ నియమాల ద్వారా ఆ యాభై కూడా సాధారణంగా అడగడం మానేశాయి. అంటే అమెరికన్ కార్డుదారుకు మోసం ఒక చికాకు మాత్రమే, ఆర్థిక ప్రమాదం కాదు. తన కార్డుకు మరో తాళం తగిలించండని అడగవలసిన అవసరం అతనికి ఎన్నడూ కలగలేదు.

మరి నష్టం ఎవరిది? దుకాణంలో కార్డును చేతితో తీసుకుని, సంతకం చేయించుకుంటే చాలావరకు బ్యాంకుది. తపాలా ద్వారానో, ఫోను ద్వారానో బేరం జరిగితే వర్తకుడిది. సంతకం చూపించలేడు గనుక, కార్డుదారు “ఈ కొనుగోలు నాది కాదు” అన్న మరుక్షణం ఆ సొమ్ము వర్తకుడి ఖాతాలోంచి వెనక్కి పోతుంది. దీనికే చార్జ్‌బ్యాక్ అని పేరు. సరుకూ పోతుంది, సొమ్మూ పోతుంది, పైన రుసుమూ కట్టాలి. 1990లలో ఇంటర్నెట్ దుకాణాలు తెరుచుకున్నప్పుడు వాటిని ఈ తపాలా బేరాల గాటనే కట్టారు. కాబట్టి అమెరికాలో చెక్అవుట్ దగ్గర ఎన్ని తాళాలుండాలో నిర్ణయించే ఆసక్తీ అవసరమూ ప్రధానంగా వర్తకుడివే అయ్యాయి. వర్తకుడు తాళాన్ని భద్రతగా కాక, ఖర్చుగా చూస్తాడు. తరువాతి కథంతా ఆ చూపులోంచే నడిచింది.

ఓడిపోయిన రెండు ప్రయత్నాలు

మొదటి ప్రయత్నం చాలా ఘనమైనది. 1996 ఫిబ్రవరిలో వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థలు కలిసి సెట్ అనే ప్రమాణాన్ని ప్రకటించాయి. మరుసటి ఏడు దాని తొలి పూర్తి రూపం వచ్చింది. కొనేవాడి కంప్యూటరులో ఒక డిజిటల్ పర్సు, అందులో బ్యాంకు జారీ చేసిన ధ్రువపత్రం, వర్తకుడి దగ్గర మరొక ధ్రువపత్రం ఉంటాయి. ఇవి ఒకదానినొకటి గుర్తుపట్టాక గాని సొమ్ము కదలదు. కార్డు నంబరు వర్తకుడి కంట పడవలసిన అవసరం కూడా లేకుండా చేయగల రచన అది. గణితం పరంగా అందులో వేలెత్తి చూపడానికి పెద్దగా ఏమీ లేదు. కాని ఒక పుస్తకం కొనడానికి ముందు ఒక సాఫ్ట్‌వేరు తెచ్చుకుని, స్థాపించుకుని, బ్యాంకు నుంచి ధ్రువపత్రం పొంది, కంప్యూటరు మారితే మళ్ళీ మొదటి నుంచి చేయాలి. అప్పటికే నెట్‌స్కేప్ బ్రౌజరు కార్డు నంబరును దారిలో ఎవరూ చదవకుండా గుప్తీకరించి పంపుతోంది. అది కొనేవాడు ఎవరో చెప్పదు. అయినా కొనేవాడికి ఏ పనీ పెట్టదు. జనం దానితోనే కొన్నారు. సెట్ కొన్నేళ్ళలోనే మూలపడింది.

సరిగ్గా అదే కాలంలో అమెజాన్ ఎదుటి దిశలో నడిచింది. ఒక్క నొక్కుతో కొనుగోలు పూర్తయ్యే పద్ధతికి 1997లో పేటెంటు కోసం దరఖాస్తు చేసి, 1999 సెప్టెంబరులో పొందింది. ఆ ఏడాది డిసెంబరులోనే బార్న్స్ అండ్ నోబుల్ మీద కోర్టు ఉత్తర్వు తెచ్చుకుంది. ఆ పేటెంటు అంత గొప్ప ఆవిష్కరణా అన్న వాదన 2017లో దాని గడువు తీరేదాకా సాగింది. ఆవిష్కరణ సంగతి ఎలా ఉన్నా, చెక్అవుట్‌లో ఒక మెట్టు తగ్గించడం కోర్టుకెక్కి కాపాడుకోవలసినంత విలువైనదని అమెరికన్ వర్తకలోకం ఆనాడే గ్రహించింది.

రెండో ప్రయత్నం 2001లో వీసా మొదలుపెట్టిన త్రీ-డీ సెక్యూర్. వెరిఫైడ్ బై వీసా అన్న పేరుతో అది జనానికి తెలుసు. మాస్టర్‌కార్డ్ దానినే సెక్యూర్‌కోడ్ అన్న పేరుతో తీసుకుంది. మూడు ‘డీ’లంటే మూడు పరిధులు: కార్డు ఇచ్చిన బ్యాంకుది, వర్తకుడి బ్యాంకుది, రెంటినీ కలిపే కార్డు సంస్థది. వర్తకుడు కొనుగోలుదారును ఆ క్షణంలో కార్డు ఇచ్చిన బ్యాంకు పేజీకి అప్పగిస్తాడు. బ్యాంకు తనకు తోచిన పద్ధతిలో మనిషిని గుర్తించి, సరేనని తిప్పి పంపుతుంది. అప్పట్లో ఆ పద్ధతి సాధారణంగా ఒక స్థిరమైన పాస్‌వర్డు. ఫోనుకు వచ్చే ఒకసారి సంకేతం చాలాచోట్ల తరువాత దాని స్థానంలోకి వచ్చింది. వర్తకుడికి ఎర ఏమిటంటే, ఈ దారిన వెళ్ళిన కొనుగోలు తరువాత మోసమని తేలితే నష్టం అతని మీద కాక, బ్యాంకు మీద పడుతుంది.

ఇంత మంచి ఎర చూపించినా అమెరికన్ వర్తకులు పెద్దగా ఆకర్షితులు కాలేదు. కొంటున్న మనిషి ముందు అకస్మాత్తుగా వేరే కిటికీ తెరుచుకుని, ఎప్పుడు పెట్టుకున్నాడో గుర్తులేని పాస్‌వర్డు అడిగేది. నమోదు చేసుకోనివారిని కొనుగోలు మధ్యలోనే నమోదు చేసుకోమనేది. 2010లో కేంబ్రిడ్జికి చెందిన స్టీవెన్ మర్డాక్, రాస్ ఆండర్సన్ ఈ పద్ధతిని విమర్శిస్తూ ఒక పరిశోధనపత్రం ప్రచురించారు. వర్తకుడి పేజీలో పొదిగిన చట్రంలో బ్యాంకు పేజీ కనిపిస్తుంది గనుక అది నిజంగా బ్యాంకుదేనని కొనేవాడు సరిచూసుకోలేడని, ఇది మోసగాళ్ళ పేజీలకు జనాన్ని అలవాటు చేయడమేనని వారి వాదన. సాంకేతికంగా నాసిరకమైనా, నష్టబాధ్యతను అటూ ఇటూ జరపగలిగింది గనుకనే ఇది వ్యాపించిందని కూడా వారన్నారు. బ్రిటన్‌ను చూసి రాసిన ఆ మాట అమెరికాకు తిరగేసి వర్తిస్తుంది. అక్కడ కార్డుదారు మీదికి నష్టం జరపడానికి చట్టం ఒప్పుకోదు. వర్తకుడికి మిగిలిన ప్రశ్న ఒక్కటే: మోసంలో పోయేది ఎక్కువా, మధ్యలో లేచిపోయే కొనుగోలుదారుల వల్ల పోయేది ఎక్కువా?

తొమ్మిది మంది లెక్క

ఆ ప్రశ్నకు జవాబు ఒక చిన్న లెక్కలో ఉంది. కింది అంకెలు ఏ నిజమైన దుకాణానివీ కావు, పద్ధతి చూపడానికి ఎంచుకున్నవి.

ఒక దుకాణంలో సగటు బేరం 80 డాలర్లు. అందులో సరుకు ఖరీదు 56, మిగులు 24. వెయ్యి ఆర్డర్లు వస్తే వాటిలో మూడు దొంగకార్డులవి. ఒక్కో దొంగ ఆర్డరుకు వర్తకుడు సరుకు తాలూకు 56 డాలర్లు, చార్జ్‌బ్యాక్ రుసుము 20 డాలర్లు, మొత్తం 76 పోగొట్టుకుంటాడు. మూడింటికి 228. ఇప్పుడు అందరినీ ఓటీపీ అడిగి, ఈ మూడింటినీ పూర్తిగా ఆపగలిగాడనుకుందాం. లాభం 228 డాలర్లు. కాని ఓటీపీ వల్ల లేచిపోయే ప్రతి నిజాయితీపరుడితో పాటు 24 డాలర్లు పోతాయి. 228ని 24తో భాగిస్తే తొమ్మిదిన్నర. అంటే మిగిలిన 997 మంది మంచివాళ్ళలో పదిమంది ఆగిపోతే చాలు, తాళం దొంగ కన్నా ఖరీదైపోతుంది. నూటికి ఐదుగురు ఆగిపోయారనుకుంటే దాదాపు యాభై ఆర్డర్లు, 1,200 డాలర్లు పోతాయి. ఆదా అయిన 228 అందులో అయిదో వంతు కూడా కాదు.

ఇదే దుకాణం అందరినీ కాక, అనుమానం ఎక్కువగా ఉన్న నలభై ఆర్డర్లను మాత్రమే అడిగిందనుకుందాం. మూడు దొంగతనాల్లో రెండు ఆ నలభైలో ఉన్నాయి. ఆదా 152 డాలర్లు. మిగిలిన 38 మందిలో ఇద్దరు ఆగిపోతే నష్టం 48. ఇప్పుడు తాళం లాభసాటి. సంకేతం అందే రేటు ఏమీ మెరుగుపడలేదు. ఎవరిని అడగాలన్నది మాత్రమే మారింది. 2016 అక్టోబరులో వచ్చిన త్రీ-డీ సెక్యూర్ రెండో తరం ఈ లెక్కనే ప్రమాణంగా మార్చింది. వర్తకుడు పరికరం గురించి, చిరునామా గురించి, పాత కొనుగోళ్ళ గురించి వివరాలను తెరవెనుక బ్యాంకుకు పంపుతాడు. బ్యాంకుకు నమ్మకం కుదిరితే కొనేవాడిని ఏమీ అడగదు, కుదరకపోతేనే సంకేతం అడుగుతుంది.

ఈ లెక్కలో ఒక లొసుగు ఉంది. ఆగిపోయిన వారందరూ పోయినట్టు కాదు. కొందరు సాయంత్రం మళ్ళీ వచ్చి కొంటారు, కొందరు వేరే కార్డు తీస్తారు. కాబట్టి ప్రయత్నాల సంఖ్యతో కాక, మనుషుల సంఖ్యతో లెక్కించాలి. ఒకే మనిషి మూడుసార్లు విఫలమై నాలుగోసారి కొంటే, ప్రయత్నాల లెక్కలో విజయం నాలుగో వంతు, మనుషుల లెక్కలో పూర్తి. వ్యాపార సమావేశాల్లో ఒకరు భయంకరంగానూ మరొకరు నిశ్చింతగానూ చూపే అంకెల వెనక చాలాసార్లు ఉండేది ఈ తేడాయే.

శాన్‌ఫ్రాన్సిస్కో కారు, హైదరాబాదు నోటు

భారతదేశం ఈ ప్రశ్నను వర్తకుడికి వదలలేదు. 2009 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు, కార్డు మీద కనిపించని సమాచారంతో మరొకసారి గుర్తింపు జరిగితేగాని ఆన్‌లైన్ కొనుగోలు సాగరాదని ఆదేశించింది. ఆ ఏడు ఆగస్టు 1 నుంచి అది అమలైంది. క్రమంగా ఆ రెండో గుర్తింపు అంటే ఫోనుకు వచ్చే ఓటీపీ అన్న అర్థం స్థిరపడింది. కార్డుదారుకు అమెరికాలో ఉన్నంత గట్టి చట్టరక్షణ లేని చోట, మోసాన్ని ముందే ఆపాలనుకోవడంలో తర్కం లేకపోలేదు. కాని పైన చెప్పిన తొమ్మిది మంది లెక్క వేసుకునే స్వేచ్ఛ ఇక ఏ వర్తకుడికీ లేదు.

రెండు పద్ధతులూ ఢీకొన్న ఘట్టం ఊబర్‌ది. 2013లో భారతదేశానికి వచ్చిన ఈ శాన్‌ఫ్రాన్సిస్కో సంస్థ సొగసంతా ప్రయాణం ముగిశాక జేబు తడుముకోకుండా దిగిపోవడంలోనే ఉంది. దాచిన కార్డు మీద సొమ్ము దానంతటదే పడుతుంది. ప్రయాణం ముగిసేదాకా మొత్తం ఎంతో తెలియదు, తెలిసేసరికి మనిషి కారు దిగిపోయి ఉంటాడు. అక్కడ ఓటీపీ అడగడానికి చోటే లేదు. అందుకని ఊబర్ భారతీయ ప్రయాణాల సొమ్మును విదేశీ చెల్లింపు ద్వారం గుండా నడిపింది. విదేశీ వర్తకుడి దగ్గర వాడిన భారతీయ కార్డుకు రెండో గుర్తింపు తప్పనిసరి కాదు. న్యూజెర్సీలో చెప్పులు తేలికగా కొనగలగడానికి కారణమైన వెసులుబాటే ఇక్కడ సికింద్రాబాదు నుంచి గచ్చిబౌలి వెళ్ళే ప్రయాణానికి వర్తించింది.

పోటీ టాక్సీ సంస్థలు అభ్యంతరపెట్టాయి. 2014 ఆగస్టు 22న రిజర్వ్ బ్యాంకు, ఎవరి పేరూ ఎత్తకుండా, ఈ దారి మూసింది. భారతీయ కార్డుతో దేశం లోపలే అందే సరుకుకు గాని సేవకు గాని చెల్లిస్తే ఆ లావాదేవీ భారతీయ బ్యాంకు ద్వారా, రూపాయల్లోనే జరగాలని చెప్పి, అక్టోబరు 31 దాకా గడువిచ్చింది. నవంబరులో ఊబర్ పేటీఎమ్ వాలెట్‌ను ఆశ్రయించింది. ఓటీపీ పోలేదు, చోటు మారింది. తీరిక వేళ వాలెట్‌లో ఐదువందలు నింపుకునేటప్పుడు ఒకసారి అంకెలు కొడితే, ఆపైన కొన్ని ప్రయాణాల దాకా గొడవ లేదు. సంకేతం రాకపోయినా పోయేది ఒక నిమిషం. వీధిలో నిలబెట్టిన కారు కాదు.

వాలెట్టూ అందరికీ లేదు. 2015 మే నెలలో ఊబర్ తన చరిత్రలో మొదటిసారిగా నగదు తీసుకోవడం మొదలుపెట్టింది. ఆ ప్రయోగానికి ఎంచుకున్న నగరం హైదరాబాదు. కార్డులు లేనివారిని చేరుకోవడం దాని ముఖ్య ఉద్దేశం. అయినా నోటును పూర్తిగా తప్పించడమే తన ప్రత్యేకతగా చెప్పుకున్న సంస్థ, డ్రైవరు చేతిలో వందనోట్లు పెట్టే పద్ధతికి రావడంలో చెక్అవుట్ తాళానికీ వాటా ఉంది.

సంకేతం ఎక్కడ చస్తుంది

‘ఓటీపీ రాలేదు’ అన్న మూడు సెకన్ల ఫిర్యాదు వెనక చాలా పొడవైన దారి ఉంది. కార్డు ఇచ్చిన బ్యాంకు తరఫున పనిచేసే సర్వరు సంకేతాన్ని పుట్టిస్తుంది. దానిని ఒక సందేశాల మధ్యవర్తి సంస్థకు ఇస్తుంది. మధ్యవర్తి దానిని టెలికాం సంస్థకు అందిస్తుంది. అక్కడి సందేశ కేంద్రం ఫోను ఎక్కడుందో వెతికి పంపుతుంది, దొరకకపోతే దాచి, మళ్ళీ ప్రయత్నిస్తుంది. 1992లో తొలి సందేశం వెళ్ళిన నాటినుంచి ఎస్సెమ్మెస్ స్వభావం ఇదే: దాచి పంపడం. ఇంతసేపట్లో చేరుతుందన్న హామీ దానికి ఎన్నడూ లేదు. క్రిస్మస్ శుభాకాంక్షలకు పది నిమిషాల ఆలస్యం ఫరవాలేదు. కొన్ని నిమిషాల్లో గడువు తీరే సంకేతానికి ఆ ఆలస్యమే మరణం.

ఈ దారిలో అత్యంత సాధారణమైన ప్రమాదం చాలా చిన్నగా కనిపిస్తుంది. సంకేతం ముప్పై సెకన్లు ఆలస్యమవుతుంది. కొనేవాడు ‘మళ్ళీ పంపు’ నొక్కుతాడు. సర్వరు రెండో సంకేతం పుట్టించి, మొదటిదాన్ని రద్దు చేస్తుంది. అప్పుడు మొదటిది ఫోనులో వాలుతుంది. అతను దాన్ని కొడతాడు, తప్పంటుంది. మళ్ళీ పంపమంటాడు, ఈసారి రెండోది వస్తుంది, అదీ చచ్చినదే. మూడు తప్పుల తరువాత బ్యాంకు తలుపు మూస్తుంది. చిట్టాలో ఇది ‘తప్పు సంకేతం’గా నమోదవుతుంది. మనిషి మాత్రం ఒక్క తప్పూ చేయలేదు. దీన్ని గుర్తుపట్టే మార్గం ఉంది: కొట్టిన తప్పు సంకేతం అంతకుముందు పంపిన వాటిలో ఒకటా అని చూడాలి. అయితే, అది దళారీ పని కాదు, ఎదురూరి ఇంగితం ఉన్న పందిట్లో ఉన్న బ్యాంకే చూడగలదు. ఆ రద్దయిన సంకేతాన్ని కూడా గడువు తీరేదాకా అంగీకరిస్తే సమస్యలో చాలా భాగం పోతుంది.

వర్తకుడికి కనిపించేది ఇంతకన్నా తక్కువ. బ్యాంకు పేజీలో ఏం జరిగిందో అతనికి తెలియదు. చివరికి వచ్చే ఫలితంలో `transStatus` అన్న చోట `N` అని ఉంటే గుర్తింపు కుదరలేదని అర్థం. కొత్త ప్రమాణంలో దాని పక్కన మరొక సూచిక ఉంటుంది: `01` ఉంటే కొనేవాడే రద్దు నొక్కాడు, `04` ఉంటే బ్యాంకు సర్వరు దగ్గర సమయం మించిపోయింది. ఫోను చేతిలో పట్టుకుని అంకెల కోసం ఎదురుచూసి విసిగిన మనిషి, ధర చూసి మనసు మార్చుకున్న మనిషి ఇద్దరూ `01` లోకే వస్తారు. వీరిని విడదీయడానికి మిగిలిన ఆధారం కాలం. పేజీ తెరిచిన అయిదు సెకన్లలో రద్దు చేసినవాడు అంకెల కోసం చూడలేదు. రెండు నిమిషాలు కూర్చుని రద్దు చేసినవాడు చూశాడు. ఆ రెండో గుంపు ఒక బ్యాంకు కార్డుల్లో మాత్రమే పెరిగితే లోపం ఆ బ్యాంకుది. ఒక టెలికాం సంస్థ నంబర్లలో పెరిగితే దారిది. అన్ని బ్యాంకుల్లో ఒకేసారి పెరిగితే ఇంకా పైన ఏదో జరిగింది.

ఆ చివరిది 2021 మార్చి 8న భారతదేశంలో జరిగింది. వ్యాపార సందేశాల బెడద తగ్గించడానికి, పంపేవారి పేరునూ సందేశపు మూసనూ ముందే నమోదు చేయాలని ట్రాయ్ 2018లోనే నిబంధన పెట్టింది. టెలికాం సంస్థలు ఆ రోజున నమోదుతో సరిపోలని సందేశాలను వడగట్టడం మొదలుపెట్టాయి. నమోదు సరిగా చేయని బ్యాంకుల ఓటీపీలు కూడా ఆ జల్లెడలోనే ఆగిపోయాయి. దుకాణాల్లో ఏ అక్షరమూ మారలేదు, బ్యాంకు సర్వర్లు సక్రమంగా సంకేతాలు పుట్టిస్తూనే ఉన్నాయి. కొనుగోళ్ళు మాత్రం తెగలేదు. మర్నాడే ట్రాయ్ ఆ వడపోతను వారం రోజులు నిలిపివేసింది. అమెరికాలోనూ ఇలాంటి నమోదు వచ్చింది. పదంకెల నంబర్ల నుంచి యంత్రాలు పంపే సందేశాలకు సంస్థ పేరూ ఉద్దేశమూ ముందుగా నమోదు కావాలి, 2023 నుంచి నమోదు కానివి ఆగిపోతున్నాయి. అక్కడ దీనివల్ల చెక్అవుట్లు కూలిపోలేదు. కారణం మళ్ళీ పాతదే: అమెరికన్ చెక్అవుట్‌లో ఓటీపీ ఏకైక ద్వారం కాదు.

తాళం కాదు, తాళంచెవి

అమెరికాలో ఈనాడు చెక్అవుట్ దగ్గర ఆరంకెలు అసలే కనబడవని కాదు. షాపిఫై 2017లో మొదలుపెట్టిన షాప్ పే, స్ట్రైప్ వారి లింక్ లాంటివాటిలో కొనేవాడు ఈమెయిలు కొట్టగానే ఫోనుకు సంకేతం వస్తుంది. చూడడానికి ఇది హైదరాబాదులో కనిపించే గళ్ళలాంటిదే. పని పూర్తిగా వేరు. ఈ అంకెలు మునుపు దాచుకున్న కార్డునూ చిరునామానూ తెరవడానికి. రాకపోతే ఆ కిటికీ మూసి, అతిథిగా కార్డు నంబరు చేతితో కొట్టి కొనవచ్చు. సంకేతం చస్తే కొనుగోలు చావదు, ఒక నిమిషం పెరుగుతుంది. కొనుగోలు చివరి మెట్టు మీద కాక మొదటి మెట్టు మీదనే అడగడం కూడా కావాలని చేసిందే. ఊబర్ వాలెట్‌తో చేసిన పనికి ఇది దగ్గరి చుట్టం.

ఇంత సాఫీదనం వెనక ఉన్న ధర ప్రవాసులకు బాగా తెలుసు. ఓటీపీ అడగని అమెరికన్ దుకాణం నమ్మకాన్ని వేరే ఆధారాలతో కొలుస్తుంది. వాటిలో ముఖ్యమైనది చిరునామా పోలిక: ఇంటి నంబరు, జిప్ కోడ్ బ్యాంకు దగ్గర ఉన్నవాటితో సరిపోయాయా అని. భారతీయ బ్యాంకులతో ఆ పోలిక సాధారణంగా కుదరదు. పెట్రోలు బంకులో జిప్ కోడ్ అడిగే యంత్రం ముందు ఆరంకెల పిన్‌కోడ్ గుర్తుచేసుకుంటూ నిలబడ్డ కొత్త విద్యార్థిది ఇదే ఇబ్బంది. ఆన్‌లైన్‌లోనైతే ఆర్డరు అంగీకరించినట్టే కనిపించి, గంట తరువాత రద్దయినట్టు ఈమెయిలు వస్తుంది. కారణం ఉండదు. ఓటీపీ విఫలమైతే కనీసం ఎక్కడ విఫలమైందో కొనేవాడికి తెలుస్తుంది, మళ్ళీ ప్రయత్నించవచ్చు. గుట్టుగా తిరస్కరించిన దుకాణానికి తాను మంచివాణ్ణని నిరూపించుకునే అవకాశమే లేదు. అమెరికన్ పద్ధతిని మెచ్చుకునేవారు పూర్తయిన కొనుగోళ్ళ లెక్క చూపినంత ఉత్సాహంగా, ఈ మూగ తిరస్కారాల లెక్క చూపరు.

భారతీయ కార్డు పట్టుకున్న మనిషి విషయంలో మాత్రం ఇప్పుడొక కదలిక వచ్చింది. 2025 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు జారీ చేసిన ఆదేశాలు ఓటీపీ ఒక్కటే రెండో గుర్తింపు కానక్కరలేదని, వేలిముద్ర లాంటి ఇతర పద్ధతులూ చెల్లుతాయని స్పష్టం చేశాయి. అవి 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తాయి. విదేశీ దుకాణాల సంగతికి వేరే గడువు పెట్టాయి: విదేశీ వర్తకుడు గాని అతని బ్యాంకు గాని గుర్తింపు అడిగితే, 2026 అక్టోబరు 1 నాటికి భారతీయ బ్యాంకు దాన్ని జరపగలిగి ఉండాలి. అడిగితే అన్న షరతు అందులోనే ఉంది. అడగాలా వద్దా అన్నది న్యూజెర్సీలో చెప్పులమ్మే వర్తకుడు, తన తొమ్మిది మంది లెక్క ముందు పెట్టుకుని తేల్చుకుంటాడు.